2025లో రాసినవాటిలో మిగిలినవి ఆరు

ఈ ఏడాది మొత్తం 34 వ్యాసాలు రాశాను. డిసెంబరు చివర్లో అన్నీ మళ్లీ తిరగేసి మంచివి ఏరుదామని కూర్చుంటే మూడోదానికే ఆవలింతలొచ్చాయి. సొంత రాతకి సొంత కళ్లు పనికిరావు. అందుకని మా పాపకి చదివి వినిపించాను. దానికి పదమూడేళ్లు, ఒడియా మీడియం. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో ఇది వింతేమీ కాదు. రాత్రి భోజనాలయ్యాక రోజుకి రెండు మూడు చొప్పున చదివాను. "ఇంక చాలు నాన్నా" అన్నవన్నీ తీసేశాను. అలా మిగిలినవి ఐదు. ఆరోది అది వద్దన్నా నేనే కలిపాను. అదెందుకో దాని దగ్గరికొచ్చాక చెప్తాను.

తరవాణి కుండ (మార్చి)

మార్చి 20న ఒడిశాలో పఖాళ దినం చేస్తారు. ఆ రోజు ఫోన్ నిండా నీళ్లన్నం పళ్లేలే: వేయించిన చేప, వడియాలు నలగ్గొట్టి చేసే బడి చూరా, ఉల్లిపాయ, పచ్చిమిరప. అది చూసి ఉక్రోషంతో మా అమ్మమ్మ తరవాణి కుండ గురించి రాశాను. మూల గదిలో పీట మీద ఉండేది. వార్చిన గంజి రోజూ అందులోనే పోసేది. అంచు చుట్టూ తెల్లగా పొరకట్టి ఉండేది, గోటితో గీస్తే పొడి రాలేది. పఖాళలో అన్నం కోసం నీళ్లు, తరవాణిలో నీళ్ల కోసం అన్నం అని అప్పుడు తేల్చిపారేశాను. ఇప్పుడు చదివితే ఆ మాట కాస్త ఎక్కువైందనిపిస్తోంది. మా వీధి చివర ఒడియా ఇంటావిడ అది విని నవ్వి, తోరాణీ తాగి చూడమని గ్లాసుడు పంపింది. పఖాళ మీది పుల్లనీళ్లని వాళ్లు తోరాణీ అంటారట. రుచీ అదే, ఇంచుమించు పేరూ అదే. పోటీ పెట్టిన నాకు మొహం చెల్లలేదు.

'వ' పోయింది (జూన్)

నాకు ఎక్కువ మెసేజ్‌లు తెచ్చింది ఇదే. ఒడియాలో మన 'వ' చాలా చోట్ల 'బ' అయిపోతుంది. మా అమ్మ పేరు వకారంతో మొదలవుతుంది. పాతపట్నం వైపున్న పొలం కాగితాల్లో ఆవిడ వకారం, ఇక్కడి కార్డులో బకారం. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికి ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాం. "మీ అమ్మగారు ఎవరండీ అసలు?" అని గుమస్తా అడిగితే, అమ్మ పక్కనే నిలబడి "నేనే బాబూ, రెండు అక్షరాలూ నేనే" అంది.

పని ఆగస్టులో అయింది. అఫిడవిట్ పెట్టమని చెప్పినవాళ్లందరికీ దండం. అదే పని మొదటి రోజే చెప్పి ఉంటే చెప్పులు అరిగేవి కావు.

బోర్డులు రాసే పెద్దాయన (జులై)

ఈ ఏటి రాతల్లో నాకు నిజంగా నచ్చింది ఇది. ఫ్లెక్సీలు వచ్చాక కూడా మా బజార్లో ఒకాయన కుంచెతో బోర్డులు రాస్తున్నాడు. ఒక మధ్యాహ్నమంతా ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను. కొబ్బరికాయల కొట్టు బోర్డు, రెండు వరసలు, పైన ఒడియా, కింద తెలుగు. ముందు సుద్దముక్కతో గీతలు కొట్టాడు. ఒడియా వరసకి అక్షరాల తలల మీది గొడుగులన్నీ ఒక్క ఊపున గీసేశాడు, ఎడమ నుంచి కుడికి. తర్వాత ఒక్కో గొడుగు కిందా దాని ముడి. తెలుగు వరసకి వచ్చేసరికి తిరగబడింది: ముందు పొట్టలన్నీ, చిట్టచివర తలకట్లు, టిక్కు టిక్కుమని. "ఒడియాకి ఇల్లు కప్పుతో మొదలెట్టాల, తెలుక్కి ఇల్లు కట్టాక కప్పు ఎయ్యాల" అన్నాడు.

ఆ గొడుగులు తాటాకు వల్ల వచ్చాయంటారు. గంటంతో అడ్డంగా తిన్నని గీత గీస్తే ఆకు ఈనె వెంట చీలిపోతుంది, అందుకని గీత వంపు తిరిగింది. ఇది రాతలో చెప్పాను. చెప్పనిది ఒకటుంది. ఆయన ఒడియా చదవలేడు. అక్షరాల్ని బొమ్మలుగానే గీస్తాడు. ఎవరో కాగితం మీద రాసిస్తే చూసి దించుతాడు. అప్పుడు రాస్తే గిరాకీ పోతుందేమోనని దాచాను. మొన్న అడిగితే "రాసేయండి, ఊరందరికీ తెలిసిందే" అన్నాడు.

అది విని మా పాప పడీపడీ నవ్వింది. "నేను తెలుగు చదవలేను, ఆయన ఒడియా చదవలేడు. మేమిద్దరం కలిస్తే ఒక మనిషి" అంది.

చిన్న రైలు (మే)

ఇందులో పెద్ద తప్పు చేశాను. నౌపడా నుంచి గుణుపురం దాకా బుల్లి రైలు 1900లో వచ్చిందని రాసేశాను. 1900లో వచ్చింది నౌపడా నుంచి పర్లాకిమిడి వరకే, అదీ మా రాజావారి పుణ్యాన. గుణుపురం చేరింది 1931లో. రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ముప్ఫై ఏళ్లు రైలు లేటు చేశావయ్యా, కాదు, ముందే నడిపేశావు" అని వాయించారు. బుల్లి రైలు 2004లో ఆగింది, పెద్ద పట్టాల మీద 2011కి గుణుపురం దాకా మళ్లీ నడిచింది. ఆ తేదీలు మాత్రం సరిగ్గానే రాశాను.

గిడుగువారి ఊళ్లో (ఆగస్టు 29)

తెలుగు భాషా దినోత్సవానికి అందరూ రాసేదే నేనూ రాశాను. కాకపోతే గిడుగు రామమూర్తిగారిని మా ఊరి బడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకుని, వాళ్లకి తెలుగు అక్షరాల్లో పుస్తకాలు రాసిన మాస్టారుగా రాశాను. పాప మధ్యలో ఆపి అడిగింది: "సవర పిల్లలకి తెలుగు అక్షరాల్లో పుస్తకాలా? వాళ్లకి సొంత అక్షరాలు లేవా?" అప్పటికి లేవు. తర్వాత 1936లో మంగెయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు. ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి మా ఊరు అటు వెళ్లింది కూడా అదే ఏడాది. ఈ రెండూ పక్కపక్కన పెట్టాలని అప్పుడు తట్టలేదు, ఇప్పుడు కలిపాను.

అన్నట్టు, ఏప్రిల్ 1 గురించి విడిగా రాసిన పొడుగాటి వ్యాసాన్నే అన్నిటికంటే ఎక్కువమంది చదివారు. కింద ఎక్కువ తిట్టుకున్నదీ అక్కడే. పాప రెండో పేరాకే లేచి నీళ్లు తాగడానికి వెళ్లి తిరిగి రాలేదు. వదిలేద్దాం.

తిత్లీ రాత్రి (అక్టోబరు)

ఆరోది ఇది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు పాపకి ఆరేళ్లు. రేకులు ఎగిరిపోతుంటే మంచం కింద దూరి కూర్చున్నామని రాశాను. చదువుతుంటే నాలుగో వాక్యం దగ్గర "ఇంక చాలు నాన్నా" అంది. మిగతావాటికి అన్నట్టు అనలేదు. ఫోన్ పక్కన పెట్టేశాను, తను అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న జడ వేయించుకుంటూ వాళ్లమ్మతో అంటోంది: "ముందు రేకులు కాదమ్మా ఎగిరింది. ముందు పెరటి తలుపు ఊడింది. తలుపు ఊడాకే గాలి లోపలికొచ్చి రేకులు లేపింది. నాన్న తప్పు రాశాడు."

సరిదిద్దాను. ఇప్పుడు తలుపే ముందుంది.