చీమ, కాగితం పడవ: 20 సెకన్ల యానిమేషన్ తయారీ ప్రణాళిక

కథ: వాన నీటిలో వస్తున్న కాగితం పడవ ఒక ఆకుకు తగిలి ఆగుతుంది. ఆకు మీది చీమ పడవలోకి దిగుతుంది. ఆ కదలికకు పడవ విడిపడి సాగిపోతుంది. మాటలు లేవు.

సెకనుకు 8 బొమ్మలు, మొత్తం 160. టైమ్‌లైన్ సెకనుకు 24 ఫ్రేములు, సైజు 1920×1080. ఒక్కో బొమ్మ మూడు ఫ్రేములు నిలుస్తుంది.

షాట్ 1, పడవ రాక: 40 బొమ్మలు
షాట్ 2, ఆకుకు తగలడం: 24
షాట్ 3, చీమ నడక: 64
షాట్ 4, పడవ సాగిపోవడం: 32

ఈ 160 బొమ్మల్నీ ఏఐతో పుట్టించకూడదు. సీడ్ అంకె మార్చకపోయినా, ప్రాంప్టులో భంగిమకు ఒక్క మాట కలిపితే చాలు, చీమ రంగు, కాళ్ల మందం మారిపోతాయి. ఆడిస్తే ముద్దలా వణుకుతుంది. ఏఐ నుంచి మనకు కావాల్సినవి 9 బొమ్మలే: నేపథ్యాలు 3, నీరు 3, పడవ, ఆకు, చీమ ఒక్కొక్కటి. అన్ని ప్రాంప్టుల్లోనూ వెలుగు ఎడమవైపు పైనుంచే రావాలి. పడవ, ఆకు, చీమ సాదా బూడిద రంగు మీద ఉండాలి. తెలుపు మీద పుట్టిస్తే కత్తిరించాక అంచున తెల్లటి గీత మిగులుతుంది. ఎలాగూ మాస్క్‌ను ఒక పిక్సెల్ లోపలికి జరపండి.

చీమ బొమ్మ ఎంచుకునే ముందు కాళ్లు లెక్కపెట్టండి. ఆరూ మధ్యభాగం నుంచే రావాలి. పొట్ట నుంచి మొలిచిన కాళ్లు తరచూ కనిపిస్తాయి. క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో కాలినీ వేరే లేయర్‌గా కత్తిరించి, తిప్పి, నాలుగు భంగిమలు చేయాలి. నీడ వేరే లేయర్, మల్టిప్లై మోడ్‌లో.

షాట్ 3 లెక్క: మొదటి 10 బొమ్మల్లో చీమ ఆకు కొసన ఆగి మీసాలు కదుపుతుంది. తర్వాత 40 బొమ్మల నడక, బొమ్మకు 14 పిక్సెళ్లు, మొత్తం 560. ఆ 14 అంకె కాలు చాపిన దూరానికి సరిపోవాలి, లేకుంటే చీమ నడిచినట్టు కాక జారినట్టు ఉంటుంది. చివరి 14లో పడవ కాస్త కుంగి, తేలుతుంది. నీటి బొమ్మలు మూడింటినీ 1-2-3 అని తిప్పితే కన్ను పట్టేస్తుంది, వరసను తారుమారు చేయండి. నీరు మినుకుమంటే అందమే, నేపథ్యం మాత్రం కదలకూడదు.

ఫైళ్ల పేర్లు `sh03_0001.png` తీరులో ఉండాలి. మధ్యలో ఒక్క అంకె తప్పినా వీడియో అక్కడే ఆగిపోతుంది. షాట్‌కొక వీడియో ఇలా చేయండి:

```
ffmpeg -framerate 8 -i sh03_%04d.png -r 24 -c:v libx264 -crf 14 -pix_fmt yuv420p sh03.mp4
```

నాలుగు వీడియోలనూ 24 ఫ్రేముల ప్రాజెక్టులో వరసగా పెట్టాలి. ఎడిటర్‌లో ఫ్రేమ్ బ్లెండింగ్, ఆప్టికల్ ఫ్లో ఆపేయాలి. అవి ఉంటే చీమకు దయ్యం నీడలాంటి రెండో రూపం వస్తుంది. వాన చప్పుడు నాలుగు షాట్ల కిందా ఒకే ట్రాక్‌గా సాగాలి. పడవ ఆకుకు తగిలే చప్పుడు, తగిలిన బొమ్మ మొదటి ఫ్రేము మీదే పడాలి.