అమ్మకానికి: ఫిలిప్స్ వాల్వు రేడియో, 1960ల తొలినాళ్లది, పనిచేస్తోంది, రిపేర్లు జరిగాయి (విశాఖ, మర్రిపాలెం)

ముందే చెప్పేస్తున్నా, ఇది యాంటిక్ కాదు. మన దేశంలో 1972 చట్టం ప్రకారం పురావస్తువు అనాలంటే మామూలుగా వందేళ్లు నిండాలి, దీనికి అరవై దాటాయి, అంతే. అరుదైనదీ కాదు. ఇలాంటి చెక్క పెట్టె రేడియోలు అప్పట్లో చాలా ఇళ్లలో ఉండేవి, వెతికితే ఇప్పటికీ దొరుకుతాయి. ఒకే ఇంట్లో ఉంది, దాని లైసెన్సు పుస్తకం ఇంకా ఉంది, పాడుతోంది, ఈ మూడింటికే నేను ధర అడుగుతున్నాను.

ఇది మా తాతయ్యది. ఆయన షిప్‌యార్డులో వెల్డరు, అప్పుడు మల్కాపురంలో ఉండేవారు. రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటా లైసెన్సు కట్టాల్సిన రోజులవి, ఆ పుస్తకంలో మొదటి ముద్ర 1961ది. దాని మీద తాతయ్య పేరు, కంపెనీ పేరు ఉన్నాయి గానీ మోడల్ నంబర్ రాయలేదు. కాబట్టి 1961కల్లా ఈ సెట్టు మా ఇంట్లో ఉందని కాగితం చూపించి చెప్పగలను, తయారైన సంవత్సరం మాత్రం ఇదేనని రాసివ్వను. విశాఖలో రేడియో స్టేషన్ 1963లో గానీ రాలేదు, అంతకు ముందు విజయవాడ కోసం రాత్రిపూట ఏరియల్ వైరు డాబా మీదికి లాగి తిప్పలు పడేవారట. ఈ ముక్క అమ్మమ్మ చెప్పింది, దీనికి రుజువేం లేదు.

ఇక రిపేర్ల సంగతి, కొనేవాళ్లకి అసలు కావాల్సింది ఇదే. వెనక అట్ట ఒరిజినల్ కాదు, పాతదాన్ని చెద తినేసింది, దాంతోపాటే మోడల్ చీటీ పోయింది, ఇప్పుడున్నది ప్లైవుడ్‌కి చిల్లులు పెట్టి చేయించినది. నాలుగు నాబుల్లో మూడు ఒరిజినల్, బ్యాండ్ మార్చే నాబు వేరే సెట్టుది, రంగు కొంచెం తేడాగా కనిపిస్తుంది. ముందు గుడ్డ 1990ల్లో నాన్న మార్పించారు, అసలు గుడ్డ ముక్క కూడా దాచలేదు. చెక్కకి కుడి మూలన వెనీర్ రెండంగుళాల మేర లేచిపోతే ఫెవికాల్‌తో అతికించి పాలిష్ పెట్టారు. పాలిష్ మరీ మెరుస్తోంది, నాకైతే నచ్చలేదు, ఫొటోల్లో ఇంకా బాగా కనిపిస్తుంది కాబట్టి వాటిని చూసి మోసపోకండి.

లోపల: రెండేళ్ల కిందట పూర్ణా మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన, వాల్వు సెట్లు ఇంకా చూసే మెకానిక్, విప్పి చూసి పవర్ సప్లయ్ కండెన్సర్లు, అవుట్‌పుట్ వాల్వు దగ్గరున్న కప్లింగ్ కండెన్సర్, డయల్ దారం, మెయిన్ వైరు మార్చారు. పాత కండెన్సర్లు కవర్లో పెట్టి ఇచ్చారు, అవీ మీకే. అవుట్‌పుట్ వాల్వు ఈఎల్ 84 మీద బీఈఎల్ అని ఉంది, అంటే మధ్యలో ఎప్పుడో మార్చినదే, మిగతా వాల్వుల మీద ఫిలిప్స్ పేరే ఉంది, అయినా అవన్నీ సెట్టుతోపాటు వచ్చినవే అని నేననను. స్పీకర్ కోన్‌కి చిన్న చిరుగు, అతికించారు, సౌండ్ పెంచితే కాస్త గరగర వినిపిస్తుంది.

మన ఊరి ఉప్పుగాలికి చాసిస్ మీద తుప్పు మచ్చలు వచ్చాయి, రంగు వేసి కప్పలేదు, ఉన్నదున్నట్టే ఉంది. మ్యాజిక్ ఐ వెలుగుతుంది గానీ బాగా మసక, పగలు కనిపించదు. మీడియం వేవ్ పనిచేస్తుంది, షార్ట్ వేవ్ రెండు బ్యాండ్లలో ఒకటే సరిగ్గా పలుకుతుంది, రెండోది బ్యాండ్ స్విచ్ కాంటాక్టు వల్ల వచ్చి పోతుంటుంది. ఎఫ్ఎం లేదు, ఈ సెట్టులో ఎప్పుడూ లేదు, బ్లూటూత్ పెట్టించాలని మాత్రం దయచేసి కొనకండి. స్విచ్ వేశాక అర నిమిషం ఆగితే గానీ మాట రాదు, అది లోపం కాదు, వాల్వులు వేడెక్కాలి.

ధర 7,500. కొద్దిగా తగ్గిస్తాను, సగానికి అడిగితే జవాబివ్వను. రిపేరుకే 2,800 అయింది, ఆ చీటీ కూడా ఇస్తాను.

కొరియర్ చెయ్యను, లోపలంతా గాజు, తొమ్మిది కేజీల బరువు. ఇంటికి వచ్చి అరగంట విని, వెనక అట్ట నేను తీస్తాను, లోపల చూసుకుని తీసుకెళ్లండి. ప్లగ్ తీశాక కూడా కొంతసేపు కండెన్సర్లలో కరెంటు ఉంటుంది, చేతులు పెట్టొద్దు. లైసెన్సు పుస్తకంలో తాతయ్య అడ్రసు ఉంది కాబట్టి ఫొటో పంపను, వచ్చినప్పుడు చూపిస్తాను, రేడియో తీసుకున్నవాళ్లకే ఆ పుస్తకం. ఆదివారాలు పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా ఉంటాను, ముందురోజు మెసేజ్ పెట్టి రండి.