ఎర్రనీళ్ళు

2021లో బడులు మూతపడి, పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళలో నడుస్తున్న రోజులవి. దేవరకొండ దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రం చెప్పే శారద, ప్రయోగం కళ్ళారా చూడని పిల్లలకు ఆ పాఠం ఎలా వంటబడుతుందన్న దిగులుతో యూట్యూబులో ఒక ఛానల్ మొదలుపెట్టింది. బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతూ తీసిన మొదటి వీడియోలో ఆమె గొంతు కంటే పక్కింటి కుక్కరు కూతే గట్టిగా వినిపించింది.

తోటి ఉపాధ్యాయులు, బంధువులు కలిసి సబ్‌స్క్రైబర్లను అరవై దాకా లాక్కొచ్చాక లెక్క అక్కడే ఆగింది. నూరుకు చేరితేనే ఛానల్‌కు సొంత పేరుతో చిరునామా ఇచ్చేవారు. అంతవరకు UCతో మొదలయ్యే 24 గుర్తుల వరుసే దిక్కు, దాన్ని ఏ పిల్లవాడికి నోటితో చెప్పగలదు? పిల్లల ఇళ్ళకు ఫోను చేస్తే, "ఫోను వాళ్ళ నాయన దగ్గరుంటది మేడం, పొద్దుమీకినంక వస్తడు," అని తల్లులు చెప్పేవారు. ముగ్గురు పిల్లలున్న ఇంట్లోనూ ఫోను ఒకటే, సబ్‌స్క్రైబరూ ఒక్కరే.

"వదినా, మీరు వాళ్ళ ఛానల్‌కు కొట్టండి, వాళ్ళు మీకు కొడతారు. ఒక్క రాత్రిలో నూరు దాటుతుంది," అని మరిది ఒక వాట్సాప్ గ్రూపు చూపించాడు. ఆమ్లమూ క్షారమూ అక్కరలేనివాళ్ళతో నిండే ఆ నూరు తనకెందుకని ఆమె ఒప్పుకోలేదు. ఆ మాట అన్నంత తేలిగ్గా ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

తరువాతి వీడియో దిష్టి తీసే ఎర్రనీళ్ళ మీద. పసుపు నీళ్ళలో సున్నం కలపగానే ఎర్రబడటానికి పసుపులోని కర్క్యుమిన్ అనే రంగు పదార్థం క్షారంలో రంగు మారడమే కారణమని చూపించింది. రెండు రోజులకు దాని కింద ఎవరో అపరిచితురాలు ఇలా రాసింది: "ఆ నీళ్ళలో నిమ్మకాయ పిండితే ఎరుపు పోయింది. అపశకునమని మా అత్తమ్మ అన్నం ముట్టడం లేదు. ఇది మంచిదేనా మేడం?"

శారద వెంటనే గ్లాసు కడిగి, పసుపు, సున్నం, నిమ్మచెక్క ముందుపెట్టుకుని, నిమ్మరసంలోని ఆమ్లం సున్నపు క్షారాన్ని విరిచేయగానే నీళ్ళు మళ్ళీ పసుపుపచ్చగా మారడాన్ని ఎడిటింగ్ లేకుండా చూపించి, "అమ్మా, మీరు నిశ్చింతగా భోజనం చేయండి," అని ముగించింది. అత్తలూ కోడళ్ళూ దాన్ని కుటుంబ గ్రూపుల్లో పంచుకున్నారు. లెక్క తొంభై ఎనిమిదికి చేరి, తొంభై ఏడుకు దిగి, వారం తిరిగేసరికి నూట నాలుగైంది.

సెప్టెంబరు 1న బడి తెరిచాక ఆమె నల్లబల్లపై కొత్త చిరునామా రాస్తుంటే, వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచి, "మేడం, పసుపుకు బదులు మందార పువ్వు రసం పోస్తే?" అని అడిగింది. సున్నం కలిపితే ఆకుపచ్చ అవుతుందని తెలిసినా శారద జవాబు చెప్పకుండా, రేపు పువ్వులు తెమ్మని ఆ పిల్లకే పురమాయించింది.