సామాజిక స్వచ్ఛంద సేవకుల పురస్కారానికి శ్రీమతి షేక్ ఫాతిమాబీ గారి పేరు ప్రతిపాదన

కడప,
18 నవంబరు 2025.

గౌరవనీయులైన జిల్లా పురస్కారాల ఎంపిక సంఘం సభ్యులకు,

నమస్కారములు.

విషయం: చూపులేని విద్యార్థులకు పరీక్షల్లో రాసిపెట్టే సహాయకులను సమకూర్చుతున్న శ్రీమతి షేక్ ఫాతిమాబీ గారి పేరును ఈ ఏటి పురస్కారానికి ప్రతిపాదించుట గురించి.

అయ్యా, అమ్మా,

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితోపాధ్యాయునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఉద్యోగకాలంలో పదో తరగతి పరీక్షా కేంద్రాలకు పలుమార్లు చీఫ్ సూపరింటెండెంటుగా ఉన్నందున, ఫాతిమాబీ గారి పనిని నేను మొదట చూసింది తనిఖీ చేసే అధికారిగానే. కడప ఎర్రముక్కపల్లెలో ఆమెకు చిన్న జిరాక్స్, డి.టి.పి. దుకాణం ఉంది. 2014లో పరీక్ష దరఖాస్తు ప్రింటు తీయించుకోవడానికి వచ్చిన ఒక చూపులేని కుర్రవాడు "అక్కా, నాకు రాసిపెట్టేవాళ్లు ఎవరైనా దొరుకుతారా?" అని అడిగిన నాటి నుంచి ఆమె ఈ పని చేస్తున్నారు.

పదో తరగతి విద్యార్థికి తొమ్మిదో తరగతి చదివేవారినీ, డిగ్రీ విద్యార్థికి ఇంటర్ చదివేవారినీ స్క్రైబుగా ఇవ్వడం వాడుకలో ఉన్న పద్ధతి. సహాయకుని చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువగా ఉండాలని 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పాయి. నకలుకు తావివ్వకూడదన్న ఉద్దేశం సరైనదే కాని, దానివల్ల వచ్చే చిక్కంతా అభ్యర్థి మీదే పడుతుంది. తాను చదివిన పాఠాన్ని ఆ పాఠం ఇంకా వినని పిల్లవాడి చేత రాయించాలి. ఇప్పటి పిల్లల్లో చాలామంది ఆంగ్ల మాధ్యమంలో చదువుతున్నందున "కిరణజన్య సంయోగక్రియ" అని చెప్పగానే తడుముకోకుండా రాయగలిగేవారు తక్కువ. పేరుకు ఒక సహాయకుణ్ణి కూర్చోబెట్టి చేతులు దులుపుకోవడం తేలిక, చాలాచోట్ల జరిగేదీ అదే. ఫాతిమాబీ గారి పని అక్కడితో ఆగదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

దసరా సెలవులు ముగిసిన తర్వాత ప్రతి ఆదివారం ఉదయం ఆమె దుకాణం మిద్దెపైన సాధన జరుగుతుంది. చుట్టుపక్కల బడుల ప్రధానోపాధ్యాయుల, తల్లిదండ్రుల అనుమతితో వచ్చిన పిల్లలను ముందు డిక్టేషన్‌తో పరీక్షిస్తారు. ఒత్తులు తప్పేవారిని పంపివేయరు, వారిని ఆంగ్లం పేపరుకు కేటాయిస్తారు. ఒక్కో పేపరుకు ఒక్కో సహాయకుణ్ణి తీసుకునే వీలు అవే మార్గదర్శకాల్లో ఉన్నా, దానిని వాడుకున్న కేంద్రాలు నాకు తెలిసి అరుదు.

గణితం సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది, నా సబ్జెక్టు కావడం కూడా ఒక కారణం. "ఏ ప్లస్ బీ బై సీ" అని నోటితో చెబితే, మొత్తాన్ని సీతో భాగించాలా, బీని మాత్రమే భాగించాలా అన్నది వినేవారికి తెలియదు. వర్గసమీకరణపు సూత్రంలో వర్గమూలపు గీత ఎక్కడివరకు సాగాలో కూడా మాటల్లో వినిపించదు. ఇటువంటి చోట తెలిసిన లెక్కకే మార్కులు పోతాయి. ఫాతిమాబీ గారు ఇద్దరు పాత విద్యార్థులతో కూర్చొని దీన్ని నోటితో చెప్పడానికి ఒక పద్ధతి ఏర్పరిచారు: భిన్నం వస్తే ముందుగా "లవం" అని చెప్పి, అది పూర్తయ్యాక "హారం" అనాలి, వర్గమూలం వస్తే "మూలం మొదలు", "మూలం ముగింపు" అనాలి, వరుస పూర్తయిన ప్రతిసారీ సహాయకుడు తాను రాసినది తిరిగి చదివి వినిపించాలి. ఇంటర్ మాత్రమే చదివిన ఆమె ఈ పద్ధతిని ఎక్కడా నేర్చుకోలేదు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నాకు ఇది తట్టలేదని ఇక్కడ రాయడానికి నేనేమీ సిగ్గుపడను.

చెప్పింది చెప్పినట్లు రాయడం పిల్లలకు ఇంకా కష్టమైన పాఠం. సాధనలో ఆమె కావాలనే తప్పు జవాబులు చెప్పిస్తారు. "తాజ్‌మహల్‌ను శ్రీకృష్ణదేవరాయలు కట్టించెను" అన్న వాక్యానికి నవ్వి, షాజహాన్ అని దిద్ది రాసిన ఒక చలాకీ బాలిక ఆ ఏడు జాబితాలోకి రావడానికి మరికొన్ని ఆదివారాలు పట్టింది. తప్పును ముఖం మారకుండా రాయగలిగిన వారినే ఆమె హాలులోకి పంపుతారు. అధికారిగా నేను ఆమె పిల్లల మీద నమ్మకం పెట్టుకున్నది ఇందువల్లే: వారు కూర్చున్న గదిలో గుసగుసలు వినపడవు, స్క్వాడ్ వచ్చినా నాకు కంగారు ఉండేది కాదు.

ఆమె ముందుచూపుకు ఒక ఉదాహరణ చెబుతాను. ఒక మార్చిలో, సాంఘిక శాస్త్రం పరీక్ష నాటి ఉదయం, సహాయకునిగా రావలసిన బాలునికి అమ్మవారు పోసిందని కబురు వచ్చింది. అత్యవసరంలో సహాయకుణ్ణి మార్చుకునే వెసులుబాటు నిబంధనల్లో ఉన్నా, అప్పటికప్పుడు ఫొటో, ప్రధానోపాధ్యాయుని ధ్రువపత్రం తెచ్చేదెవరు? ఫాతిమాబీ గారు ప్రతి కేంద్రానికీ ఒకరిని అదనంగా సిద్ధం చేసి, వారి పత్రాలను కూడా ముందే సంతకాలు చేయించి కవరులో ఉంచుతారు. ఆమె ఆ రెండో బాలుణ్ణి స్కూటీ మీద తీసుకొచ్చి, కవరు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ప్రశ్నపత్రాలు పంచే సమయానికి అతడు తన స్థానంలో ఉన్నాడు.

అభ్యర్థికి గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలన్న నిబంధన తెలియక, ఒక పోటీ పరీక్షా కేంద్రంలో జవాబు పత్రం తీసుకోబోయినప్పుడు ఆమె వాదనకు దిగలేదని, ఆ వాక్యం కింద గీత గీసిన కాగితాన్ని సిబ్బందికి చూపించి పక్కన నిలబడ్డారని ఆ అభ్యర్థి నాకు చెప్పాడు. అతడు ఇప్పుడు బి.ఎడ్. చదువుతున్నాడు, అతని లేఖను దీనితో జతపరిచాను.

గత మార్చిలో కడప, ప్రొద్దుటూరు, మైదుకూరు కేంద్రాల్లో కలిపి 11 మంది పదో తరగతి విద్యార్థులకు ఆమె సహాయకులను పంపారు. సంఖ్య పెద్దది కాదు. అయితే ఒక్కొక్కరికి పేపరు వారీగా సహాయకులు, అదనపు పిల్లలు, వారి అనుమతి పత్రాలు, ఆటో ఛార్జీలు, ఉదయం టిఫిను అన్నీ కలిపి చూస్తే ఎంత పనో సభ్యులకు అర్థమవుతుంది. ఖర్చులో ఎక్కువ భాగం దుకాణం రాబడి నుంచే పెడతారు. చందాలు అడగరు, ఇస్తామన్నవారిని ఆటో వానికే నేరుగా ఇమ్మంటారు.

ఆమె గురించి కొందరు తల్లిదండ్రులకు ఫిర్యాదు ఉన్న మాట కూడా దాచను. సాధన జరిగేటప్పుడు పెద్దలను మిద్దె ఎక్కనివ్వరు, ఆలస్యంగా వచ్చిన పిల్లలను నిలబెట్టి మందలిస్తారు, మాట కటువు. నేను విన్నంతలో పిల్లలెవరూ దీని గురించి చెప్పుకోలేదు. వారు ఆమెను "ఫాతిమక్క" అనే పిలుస్తారు, పై తరగతులకు వెళ్లిన తర్వాత కొత్తవారికి నేర్పడానికి వస్తుంటారు.

దరఖాస్తులో "సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ సంఖ్య" అన్న గడిలో "లేదు" అని రాశాము. ఆమెకు సంస్థ లేదు, బోర్డు లేదు, ఉన్నది 2014 నుంచి రాస్తున్న రిజిస్టరు ఒక్కటే. ఆ కారణంగా ఈ ప్రతిపాదనను తొలిదశలోనే పక్కన పెట్టవద్దని సంఘాన్ని ప్రత్యేకంగా కోరుతున్నాను. రిజిస్టరులో విద్యార్థుల వివరాలు ఉన్నందున నకలు జతచేయలేదు, సభ్యులు దుకాణానికి వచ్చి చూడవచ్చు. సాధన చూడదలిస్తే ఏ ఆదివారమైనా ఉదయం తొమ్మిదికి ముందే రావాలి, ఆ తర్వాత మెట్ల తలుపు వేసేస్తారు.

ఈ ప్రతిపాదనకు ఆమె అంగీకార పత్రం, ఇద్దరు ప్రధానోపాధ్యాయుల లేఖలు, పైన చెప్పిన అభ్యర్థి లేఖ జతపరుస్తున్నాను. అంగీకార పత్రంపై సంతకం చేసేటప్పుడు ఆమె ఒక్క షరతు పెట్టారు. పురస్కార ప్రదానం పదో తరగతి పరీక్షల రోజుల్లో పెడితే తాను రాలేనని మీకు ముందుగానే తెలియజేయమన్నారు.

ఇట్లు,
భవదీయుడు,
బి. వెంకటసుబ్బయ్య
విశ్రాంత గణితోపాధ్యాయుడు, కడప.