మియాపూర్ ఫ్లాట్ వీడియో: కనిపించినవి, విన్నవి, ధర మాటలు

అక్కా,

ఆదివారం పెదనాన్నతో వెళ్లి తీసిన వీడియో 41 నిమిషాలుంది. నువ్వూ బావా అంతసేపు కూర్చుని చూడలేరు కాబట్టి సారాంశం రాస్తున్నాను. పక్కన టైమ్ వేశాను, అనుమానం ఉన్న చోటికి నేరుగా వెళ్లి చూసుకోండి. హఫీజ్‌పేట, బాచుపల్లి ఫ్లాట్లతో పోల్చాల్సిన చోట ఆ మాట కూడా కలిపాను.

ముందే ఒక మాట. ఇల్లు బాగుంది, కానీ చిన్న బెడ్‌రూమ్ గోడ సంగతి తేలేదాకా టోకెన్ ఇవ్వొద్దు.

స్టిల్ట్ మీద అయిదు అంతస్తులు, మనది మూడోది, తూర్పు గుమ్మం, రెండు బెడ్‌రూమ్‌లు. 2014లో కట్టారు. చెప్తున్న కొలత 1,180 చదరపు అడుగులు. కామన్ ఏరియా తీసేసి పెదనాన్న టేపు పెట్టి కొలిస్తే లోపల దాదాపు 870 వచ్చింది (6:10). హాలు 18 బై 11. వంటింట్లో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండదు, అది మటుకు అమ్మకి నచ్చదు. గాలి, వెలుతురు బాగున్నాయి; ఉదయం పదింటికి హాల్లో లైటు వేయకుండానే వీడియో తీశాను. హఫీజ్‌పేట ఫ్లాట్ కొత్తదే గానీ పక్క బిల్డింగ్ గోడ కిటికీకి ఆనుకున్నట్టు ఉంటుంది, గుర్తుందిగా.

ఇక గోడ (15:30 నుంచి). చిన్న బెడ్‌రూమ్‌లో బీరువా వెనకాల, నేల నుంచి కాదు, పై నుంచి నాలుగడుగుల దాకా చెమ్మ దిగింది. మీద కొత్తగా రంగు వేశారు. మిగతా గది అంతా పాత రంగే, ఆ గోడ ఒక్కటే మెరుస్తోంది. పెదనాన్న బొటనవేలితో రుద్దితే పెచ్చు ఊడి, తెల్లటి ఉప్పు పొడి రాలింది. బ్రోకరు వెంటనే "వానాకాలం కదా సార్, అన్ని ఇళ్లలో మామూలే" అన్నాడు. అద్దెకుంటున్నావిడ వంటింట్లోంచే "వానలకేం సంబంధం లేదండీ, ఏడాదంతా ఇంతే" అంది (17:50). ఆ తర్వాత బ్రోకరుకి దగ్గొచ్చింది, వినండి.

అది బయటి గోడ కాదు. దానికి అవతల కామన్ బాత్రూమ్ ఉంది, సరిగ్గా దాని మీదే నాలుగో అంతస్తు వాళ్ల బాత్రూమ్. పెదనాన్న అనుమానం, పై వాళ్ల బాత్రూమ్ నేల కింద వాటర్‌ప్రూఫింగ్ పోయి నీళ్లు స్లాబ్‌లోకి దిగుతున్నాయని. మన బాత్రూమ్ ఫాల్స్ సీలింగ్‌లో ఒక పలక ఎత్తి చూపించాడు, స్లాబ్ అడుగున తడి మరక, పైపు చుట్టూ తుప్పు (19:05). అదే నిజమైతే మనం ఇక్కడ ఎన్నిసార్లు లప్పం పెట్టి రంగు వేసినా లాభం లేదు. పై వాళ్ల టైల్స్ తవ్వి, కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేసి, మళ్లీ టైల్స్ పరవాలి. వాళ్లు ఒప్పుకోవాలి, ఖర్చు ఎవరిదో తేలాలి. పై వాళ్లతో మాట్లాడదామని నేను మెట్లెక్కాను గానీ తాళం వేసి ఉంది.

మిగతావి చిన్నవి. హాల్లో పిల్లరూ ఇటుక గోడా కలిసే చోట నిలువుగా సన్న పగులుంది, అది ప్లాస్టరింగ్‌దే, భయం లేదన్నాడు పెదనాన్న. పెద్ద బెడ్‌రూమ్‌లో అయిదారు టైల్స్ తడితే డొల్ల శబ్దం వస్తోంది. బాల్కనీలో నీళ్లు పోసి చూశాం, తూము వైపు కాకుండా గుమ్మం వైపు వచ్చాయి. కింద పార్కింగ్‌లో ఒక బీమ్ అడుగున కాంక్రీటు రాలి ఊచ కనిపిస్తోంది (31:40). అది మన ఫ్లాట్‌లో లేదు కాబట్టి వదిలేయొచ్చని నాకనిపించింది. పెదనాన్న ఒప్పుకోలేదు, రేపు అసోసియేషన్ రిపేరుకి డబ్బు వసూలు చేస్తే మన వాటా కూడా ఉంటుంది, పైగా తుప్పు ఆగదు అన్నాడు.

పార్కింగ్ పిల్లరు పక్కన. బావ కారు పడుతుంది గానీ ఎడమ వైపు తలుపు సగమే తెరుచుకుంటుంది. నీళ్లకి మంజీరా కనెక్షన్, బోరు రెండూ ఉన్నాయి. ఏప్రిల్, మేల్లో ట్యాంకర్లు తెప్పిస్తారట, నెలకి 2,500 ఉండే మెయింటెనెన్స్ అప్పుడు 3,500 అవుతుందని అద్దెకుంటున్నావిడే చెప్పింది. మెట్రో స్టేషన్ నడిచే దూరంలోనే ఉంది, ఈ విషయంలో బాచుపల్లి దీనికి సాటి రాదు.

కాగితాల్లో ఒక తేడా దొరికింది. బ్రోకరు నోటితో చెప్పిన భూమి వాటా 45 గజాలు. జిరాక్సులో రాసింది 38 (29:15). అడిగితే "రౌండ్ ఫిగర్ చెప్పాను సార్" అన్నాడు. 38కి 45 రౌండ్ ఫిగర్ ఎలా అవుతుందో నాకింకా అర్థం కాలేదు.

ధర మాటలు (33:20 నుంచి). అడిగింది 72 లక్షలు, బ్రోకరు తనంతట తనే 70కి దిగాడు. బెంగళూరులో ఉన్న ఓనరు ఫోన్లో స్పీకర్ మీద మాట్లాడాడు: ఇంటీరియర్‌కే ఆరు లక్షలు పెట్టానని, 68 కంటే తగ్గనని. పెదనాన్న 64 అన్నాడు. అప్పుడు అసలు సంగతి బయటపడింది: 68లో 10 లక్షలు నగదుగా కావాలట, రిజిస్ట్రేషన్ 58కి.

దీనికి ఒప్పుకోకండి. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. అది పక్కన పెట్టినా లెక్క మనకే నష్టం. ఈ స్థాయి లోన్‌కి బ్యాంకు 80 శాతం దాకా ఇస్తుంది. 68కి రాస్తే లోన్ 54.4 లక్షలు, మన చేతి డబ్బు 13.6. 58కి రాస్తే లోన్ 46.4, చేతి నుంచి 21.6. అంటే ఎనిమిది లక్షలు అదనంగా సర్దాలి. స్టాంపు ఖర్చులో మిగిలేది 75 వేలు, అదీ ప్రభుత్వ విలువ 58 దాటకపోతేనే. రేపు మనం అమ్మేటప్పుడు కొన్న ధర 58 అని చూపించి లాభం మీద పన్ను కట్టాలి.

మొత్తం తెల్ల డబ్బే అయితే 66కి చూస్తారా అని పెదనాన్న చివర్లో అడిగాడు. ఓనరు అవుననలేదు, కాదనీ అనలేదు. "శుక్రవారంలోగా చెప్పండి" అన్నాడు. వేరే పార్టీ టోకెన్‌తో రెడీగా ఉందని బ్రోకరు మాట. నేనైతే నమ్మలేదు, నెలన్నర కింద కూడా ఇదే ఫ్లాట్ గురించి ఇదే మాట చెప్పాడు.

66కి కుదిరితే స్టాంపు, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 4.95 లక్షలు. బ్రోకరుకి ఒక శాతం, 66 వేలు. టైల్స్, బాల్కనీ, రంగులకి లక్షన్నర వేసుకుందాం. మొత్తం 73.1 లక్షలు. పై బాత్రూమ్ పని ఇందులో లేదు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఒక శాతం టీడీఎస్ మీరే మినహాయించి కట్టాలి, అది ఓనరుకిచ్చే డబ్బులోంచే. హఫీజ్‌పేట 76 అడుగుతున్నారు, దాని మీద ఖర్చులు వేరే. బాచుపల్లి 65, రిపేర్లేమీ లేవు, కానీ బావ ఆఫీసుకి రోజూ ఆ ట్రాఫిక్‌లో వెళ్లాలి.

బుధవారం సాయంత్రం పై ఫ్లాట్ వాళ్లు ఉంటారట, నేను వెళ్లి మాట్లాడతాను. ఈలోగా ఓనరుని మూడు అడగండి: ఆస్తి మీద అప్పులూ లావాదేవీలూ చూపే ఈసీ, ఇంట్లో ఉండొచ్చని మున్సిపాలిటీ ఇచ్చే ఓసీ, ఓనరు సేల్ డీడ్‌తో సహా పాత లింకు డాక్యుమెంట్ల జిరాక్సులు. పార్కింగ్ నంబరు సేల్ డీడ్‌లో ఉందో లేదో అందులోనే తెలుస్తుంది. బ్రోకరు మీకు నేరుగా ఫోన్ చేసి టోకెన్ మాట ఎత్తితే పెదనాన్నతో మాట్లాడమనండి.