విషయం: చిన్నపిల్ల పొరపాటున చేసిన కొనుగోలు రద్దు, ఆర్డర్ 58213074

సహాయ విభాగం వారికి నమస్కారం.

నెల్లూరు జిల్లా కావలి నుంచి రాస్తున్నాను. నిన్న, ఆదివారం సాయంత్రం, నా ఖాతా వాలెట్ నుంచి 1,599 రూపాయలు తగ్గి, పండ్లతోట ఆటలో ‘వజ్రాల పెట్టె’ కొన్నట్లు రసీదు వచ్చింది. ఐదేళ్ల మా పాప మా అమ్మ పక్కన కూర్చుని ఆడుకుంటూ, ఆట మధ్యలో తెరకు అడ్డంగా వచ్చిన ప్రకటనను మూయబోయి, దాని కింద సగం తెర ఆక్రమించిన పచ్చ బటన్‌ను నొక్కింది. వాలెట్‌లో సొమ్ము ముందే ఉన్నందువల్ల ఓటీపీ గానీ పిన్ గానీ అడగలేదు. మూసే గుర్తు మాత్రం మూలన ఆవగింజంత ఉంది. చదవడం రాని పిల్లకు అది కనబడుతుందని నేననుకోను.

ఆ వజ్రాల్లో ఒక్కటీ వాడలేదు. మీ రికార్డుల్లోనే చూసుకోవచ్చు. అందువల్ల వాటిని వెనక్కి తీసుకుని, మొత్తం సొమ్మును అదే వాలెట్‌కు జమచేయవలసిందిగా కోరుతున్నాను. రసీదునూ, వజ్రాల నిల్వ చూపే స్క్రీన్‌షాట్‌నూ జతపరిచాను. ఇకపై ప్రతి కొనుగోలుకూ పిన్ అడిగేలా సెట్టింగ్ మార్చాను. అభ్యర్థన తిరస్కరిస్తే, ఏ నిబంధన ప్రకారమో దయచేసి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఖాతాదారు, పాప తండ్రి
యూజర్ ఐడీ: kavali_thota27