పద్నాలుగో పెట్టె

రిటైరైన మూడో వారంలో అటక మీది పెట్టెలన్నీ కిందికి దించాను. 3,140 స్లైడ్లు, 212 నెగటివ్ ముక్కలు. ముక్కకి 6 ఫ్రేములు. నాన్న తీసినవి, తర్వాత నేను తీసినవి, ఎవరు తీశారో తెలియనివి. నా భార్య గుమ్మంలోంచి చూసి, "ముప్పై నాలుగేళ్లు టర్బైన్లతో కాపురం చేశారు, ఇప్పుడు వీటితోనా?" అని వెళ్లిపోయింది. జవాబు కోసం ఆగలేదు. నా దగ్గరా లేదు.

ఫిల్మ్ స్కానరు కొన్నాను. దానికి ఒకేసారి 50 స్లైడ్లు మింగే ఫీడరు ఉంది. 4000 డీపీఐ, ఛానెల్‌కి 16 బిట్లు పెడితే ఒక్కో టిఫ్ ఫైలు నూరు మెగాబైట్లు దాటుతుంది. స్కాన్ చెయ్యడం యంత్రం పని. పేర్లు పెట్టడం, తేదీలు రాయడం, తిప్పడం, నకళ్లు తీసి చెక్‌సమ్ సరిచూడటం స్క్రిప్టుల పని. నా పని మటుకు రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదటం. ఎడమ చేత్తో స్లైడు పట్టుకుని, కుడి చేత్తో బుడ్డి నొక్కి, వెలుతురుకి ఎత్తి ఒకసారి చూసి లోపల పెట్టడం. రోజుకి రెండొందలు.

మొదటి నెల అంతా స్క్రిప్టులతో తగవే. ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే సదుపాయాన్ని బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌ల మీద వాడకూడదని తెలిసేసరికి నలభై ఫ్రేములు పాడయ్యాయి. ఆ ఫిల్ములో బొమ్మే వెండి. ఇన్‌ఫ్రారెడ్‌ని వెండి అడ్డుకుంటుంది, సాఫ్ట్‌వేరేమో ముఖాన్ని దుమ్మనుకుని తుడిచేస్తుంది. కోడాక్రోమ్ స్లైడ్లతోనూ ఇలాంటి పేచీయే. తర్వాత తేదీలు. అట్ట ఫ్రేము మీద అచ్చేసి ఉండే నెల, సంవత్సరం ఫిల్ము కడిగినప్పటివి, తీసినప్పటివి కావు. అయినా ఏమీ లేనిదానికంటే నయమని అవే తీసుకున్నాను. పద్నాలుగో పెట్టె దగ్గర స్క్రిప్టు ఈ ముక్క చెప్పి ఆగిపోయింది:

```
OSError: [Errno 22] Invalid argument
```

ఆ పెట్టె 1968ది. కంప్యూటరు కాలం 1970 జనవరి 1న మొదలవుతుంది. అంతకు ముందు తేదీని సెకన్లలోకి మార్చమంటే నా కంప్యూటరులోని పైథాన్ చేతులెత్తేసింది. నాకప్పుడు ఆరేళ్లు. నేను పుట్టి, నడిచి, బడికి వెళ్లిన కాలం అంతా చెల్లని ఇన్‌పుట్ అన్నమాట. సెకన్ల గొడవ లేకుండా తేదీని నేరుగా అక్షరాల్లో రాయించి ముందుకు వెళ్లాను.

ఆ టెన్షన్‌లోనే అనుకుంటా, పెట్టెలోని 80 స్లైడ్లనూ ఫీడరులో తిరగేసి పెట్టాను. బోర్డుల మీద అక్షరాలు అద్దంలో చూసినట్టు వచ్చాయి. మళ్లీ స్కాన్ చేసే ఓపిక లేదు. ఒక్క వరుసతో పోయేదానికి ఎందుకు?

```
magick mogrify -path fixed14 -flop box14/*.tif
```

బోర్డులు చదవడానికి వచ్చాయి. పని అయిందనుకున్నాను.

రోజుకి పది ఫోటోలు అక్కకి పంపడం అలవాటు చేసుకున్నాను. మనుషుల పేర్లు తనే చెప్పాలి. నాకంటే ఏడేళ్లు పెద్దది. ఆ రోజు పంపినవాటిలో ఒకటి అమ్మది. రాత్రి, దీపం పక్కన కూర్చుని లెక్కల పుస్తకంలో రాసుకుంటోంది. ఫోటో తీస్తున్నట్టు తెలిసినట్టు లేదు. వెనక గోడకి నాన్న చొక్కా వేలాడుతోంది. అమ్మ ఒక్కతే ఉన్న ఫోటోలు మాకు మూడో నాలుగో ఉన్నాయంతే.

పది నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"ఒరేయ్, అమ్మ ఫోటోని ఏం చేశావురా?"

"ఏమీ చెయ్యలేదక్కా. రంగు కొంచెం సర్దానంతే."

"రంగు కాదు. చెయ్యి. అమ్మ ఆ పుస్తకం ఎప్పుడూ ఎడమ చేత్తోనే రాసేది."

నవ్వాను. "అమ్మది ఎడమ చెయ్యేమిటి? నేను చూడలేదా?"

"నువ్వు చూడలేదు," అంది అక్క. ఆ మాట అనేసి కాసేపు ఊరుకుంది. "నువ్వు పలక పట్టినప్పుడు ఎడమ చేత్తోనే పట్టావు. బలపం కుడి చేతిలో పెడితే విసిరికొట్టేవాడివి. అమ్మ తిట్టలేదు. వాడు నన్ను చూసే నేర్చుకుంటున్నాడు అంది. ఆ రోజు నుంచి నీ ఎదురుగా కుడి చేత్తోనే రాసేది. కుంటి కోడి గీకినట్టు ఉండేది రాత. నువ్వు నిద్రపోయాక మాత్రం లెక్కలు తనకి వచ్చిన చేత్తోనే రాసుకునేది."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. నాకూ ఇన్నాళ్లూ గుర్తు లేదు, ఇది చూసేదాకా."

ఫోన్ పెట్టేశాక ఫోటోని తెర నిండా పెద్దది చేశాను. చొక్కా జేబు. తొడుక్కుంటే గుండె వైపు రావలసిన జేబు రెండో వైపు ఉంది. ఇంతసేపూ నా కళ్ల ముందే ఉంది. ఒకవేళ ఆ ఒక్క స్లైడే పెట్టెలో మొదట్నించీ తిరగబడి ఉంటే, ఫీడరులో నేను చేసిన తప్పు దాన్ని సరిచేసి ఉంటుంది, స్క్రిప్టు మళ్లీ తప్పు చేసి ఉంటుంది.

ఒక్క కొలతని నమ్మే అలవాటు నాకు లేదు. స్లైడు వెతికి తీశాను. కోడాక్రోమ్‌లో ఎమల్షన్ వైపు బొమ్మ కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. టేబుల్ లైట్ కింద వాలుగా పట్టి చూస్తే అమ్మ భుజం గీత తడిమితే తగిలేటట్టు కనిపించింది. తడమలేదు. బ్లేడుతో అట్ట అంచు చీల్చి, పట్టకారుతో ఫిల్ము ముక్కని బయటికి తీశాను. అట్ట కింద ఇన్నేళ్లూ దాక్కున్న అంచు మీద కోడాక్ పేరు, ఫ్రేము అంకె. ఆ అక్షరాలు తిన్నగా చదవడానికి వచ్చేటట్టు తిప్పి వెలుతురుకి ఎత్తాను.

కలం ఎడమ చేతిలో ఉంది. వేళ్లు కలాన్ని పట్టిన తీరు చూస్తే ఆ చేతికి ఆ పని కొత్త కాదని తెలుస్తోంది. కుడి అరచెయ్యి పుస్తకాన్ని కదలకుండా నొక్కి పెట్టింది.

అప్పుడు చూసుకున్నాను, పట్టకారు నా ఎడమ చేతిలో ఉంది.

ఫిల్ముని కొత్త ఫ్రేములో బిగించి, పైన కుడి మూలన పెన్సిలుతో చుక్క పెట్టాను. `noflop.txt` అని ఫైలు తెరిచి అందులో `box14_037.tif` అని రాసి, స్క్రిప్టు ముందు దాన్ని చూసుకునేలా మార్చాను. అసలు స్కాన్లు చెరిపెయ్యకపోవడం నా అదృష్టం. ఆ `-path` లేకపోతే `mogrify` పాత ఫైళ్ల మీదే రాసేసేది. కింద వివరం కూడా చేర్చాను. తెలుగు అక్షరాలు చెడకుండా ఉండాలని ముందు యూటీఎఫ్-8 ఫైలు `amma.args`లో రాశాను:

```
-XMP-dc:Description=అమ్మ, లెక్కలు రాసుకుంటూ. నేను నిద్రపోయాక.
```

దాన్ని ఫోటో ఫైలు లోపలే వివరాలు దాచే ఎక్స్‌ఎంపీలోకి ఎక్కించాను:

```
exiftool -@ amma.args box14_037.tif
```

సరిచేసిన ఫోటో అక్కకి పంపాను. రెండు నీలం గీతలు పడ్డాయి. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"ఇదీ అమ్మ. ఇంకా ఎన్ని తిరగేశావురా?"

రాత్రి పదకొండయింది. దీపం దగ్గరికి లాక్కుని, పద్నాలుగో పెట్టె మూత మళ్లీ తీశాను. మిగిలినవి 79. మొదటిదాన్ని ఎడమ చేత్తో ఎత్తి, వాలుగా పట్టుకున్నాను.